స్పైక్ టికెట్: గడువు పెట్టి వెతకడం, తేల్చి మూసేయడం

బోర్డు మీద "తెలుగు ఎస్సెమ్మెస్ గురించి రీసెర్చ్" అనే టికెట్ ఒకటి ఉంటుంది. రెండు స్ప్రింట్లు దాటినా అది "జరుగుతోంది" అనే గడిలోంచి కదలదు. ప్రతి ఉదయం స్టాండప్‌లో "ఇంకా చూస్తున్నా, కొంచెం క్లారిటీ వచ్చింది" అనే మాటే వినిపిస్తుంది. ఆ టికెట్ తీసుకున్నవాళ్లు సోమరులు కాదు. చాలాసార్లు టీమ్ మొత్తంలో ఎక్కువగా చదివేది వాళ్లే. లోపం టికెట్‌లోనే ఉంది. దానికి జవాబు చెప్పాల్సిన ప్రశ్న లేదు, కాబట్టి పూర్తయిందని చెప్పడానికి ఆధారమూ లేదు.

ఇలాంటి పనికి సాఫ్ట్‌వేర్ వాళ్లు స్పైక్ అనే పేరు వాడతారు. 1990ల చివర్లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతితో పాటు ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. ఒక పనికి ఎంత సమయం పడుతుందో, అసలు అది అయ్యేదో కాదో చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు, ఆ ఒక్క సందేహం తీరేంత మేరకు మాత్రమే, పారేయడానికి సిద్ధపడి రాసే చిన్న ప్రయోగం అది. దాంట్లోంచి వచ్చేది జవాబు, ఫీచర్ కాదు. ఇది బాగా గుర్తుంటే ఈ అధ్యాయంలో సగం పని అయినట్టే, ఎందుకంటే స్పైకులు చెడిపోయే దారులన్నీ దీన్ని మరచిపోవడం దగ్గరే మొదలవుతాయి.

ఒక స్పైక్‌ను మొదటినుంచి చివరిదాకా చూద్దాం. టీమ్ ఊహించుకున్నదే, కానీ లెక్కలు నిజమైనవి. మీరూ సరిచూసుకోవచ్చు.

క్లినిక్‌లకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే చిన్న కంపెనీ అనుకోండి. రేపు అపాయింట్‌మెంట్ ఉన్న ప్రతి పేషెంటుకూ ముందురోజు సాయంత్రం ఇంగ్లిష్‌లో రిమైండర్ వెళ్తుంది. నెలకు సుమారు 20 వేల సందేశాలు. దీన్ని తెలుగులో పంపమని క్లినిక్‌ల వాళ్లు అడుగుతున్నారు. ప్రొడక్ట్ మేనేజర్ టికెట్ తెరిచి, పైన చెప్పిన ఆ ఒక్క వాక్యమే రాశారు.

ఈ టికెట్ తీసుకునే డెవలపర్ చేయాల్సిన మొదటి పని గూగుల్ తెరవడం కాదు. మేనేజర్ దగ్గరికి వెళ్లి, "నేను జవాబు తెచ్చాక మీరు ఏం నిర్ణయించాలి?" అని అడగాలి. మన కథలో మేనేజర్ ఇలా అన్నారు: "సందేశం ఒక్క భాగంలో సరిపోతే అన్ని క్లినిక్‌లకూ ఉచితంగా ఇచ్చేస్తాం. రెండు భాగాలైతే ఖర్చు రెట్టింపు, అప్పుడు దాన్ని వేరే ప్లాన్‌లో పెట్టాలి. ఇంకొకటి, పేషెంట్ పేరుతో పలకరిస్తే బాగుంటుందని డాక్టర్లు అంటున్నారు." ఈ మూడు వాక్యాల్లోంచి టికెట్ కొత్తగా పుట్టింది: "మన రిమైండర్ తెలుగులో ఒక్క ఎస్సెమ్మెస్ భాగంలో సరిపోతుందా? పేషెంట్ పేరు చేరిస్తే ఎన్ని భాగాలవుతుంది? జవాబును బట్టి ఉచితమా, వేరే ప్లానా అన్నది మేనేజర్ తేలుస్తారు."

పాత వాక్యానికీ కొత్తదానికీ తేడా పొడవులో లేదు. కొత్తదానికి జవాబుగా ఏం రావచ్చో ముందే తెలుసు, ఆ జవాబు ఎవరి చేతికి వెళ్తుందో తెలుసు. ఏ జవాబు వచ్చినా నిర్ణయం మారదంటే ఆ స్పైక్ చేయడమే అనవసరం. ఆ మాట మేనేజర్‌తో మర్యాదగా చెప్పి టికెట్ మూసేయండి. నా దృష్టిలో స్పైకుల్లో అన్నిటికంటే పెద్ద ఆదా ఇదే.

ఇప్పుడు గడువు. ఇక్కడ చాలామంది "ఈ పనికి ఎంతసేపు పడుతుంది?" అని అంచనా వేయబోతారు. అది తెలిస్తే స్పైకే అక్కర్లేదు. వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: ఈ జవాబు కోసం మనం ఎంత ఖర్చు పెట్టడానికి సిద్ధం? తెలుగు రిమైండర్ రాయడానికే మూడు నాలుగు రోజులు పట్టే పని అనుకుంటే, దాని గురించి తెలుసుకోవడానికి అయిదు రోజులు పెట్టడంలో అర్థం లేదు. మన టీమ్ ఆరు పనిగంటలు పెట్టుకుంది. "ఒక రోజు" అని రాయకుండా గంటల్లో రాయడానికి కారణం ఉంది. రోజు అనేసరికి మధ్యలో మీటింగులు, ప్రొడక్షన్ సమస్యలు దూరిపోయి, గడువు ఎప్పుడు అయిపోయిందో ఎవరూ చెప్పలేరు. మూడో గంట దగ్గర ఒక గుర్తు పెట్టుకున్నారు. అక్కడ ఆగి, సగం జవాబైనా కనబడుతోందా లేదా అని అయిదు నిమిషాలు మేనేజర్‌తో మాట్లాడాలి.

బయటివాళ్ల కోసం ఎదురుచూసే సమయాన్ని ఈ ఆరు గంటల్లో కలపకూడదు, అలాగని గడువును దాని కోసం తెరిచి ఉంచకూడదు కూడా. మన దేశంలో ట్రాయ్ 2018 నియమాల కింద కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్‌ల టెంప్లేట్లను ముందుగా డీఎల్‌టీలో నమోదు చేయించాలి. తెలుగు టెంప్లేట్‌కు ఆమోదం రాకుండా గేట్‌వే ద్వారా నిజం సందేశం పంపి చూడలేరు. కాబట్టి స్పైక్ మొదలుపెట్టడానికి ముందే టెంప్లేట్ పెట్టేయాలి, ఆమోదం వచ్చాకే గడియారం నడపాలి. ఇది ముందే చూసుకోకపోతే మొదటి గంటలోనే చేతులు కట్టుకుని కూర్చోవాలి.

వెతకడంలో వరుస ముఖ్యం. జవాబును తలకిందులు చేయగల విషయాన్ని ముందు ముట్టుకోవాలి. మన కేసులో అది లెక్క. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ సందేశం ఏడు బిట్ల జీఎస్‌ఎమ్ అక్షరమాలలో వెళ్తుంది కాబట్టి 160 అక్షరాలు పడతాయి. ఆ మాలలో లేని అక్షరం ఒక్కటి చేరినా సందేశం మొత్తం యూసీఎస్-2కు మారుతుంది. అక్కడ ఒక్కో యూనిట్‌కు రెండు బైట్లు, అంటే 70 మాత్రమే. 70 దాటితే సందేశం భాగాలుగా విడిపోతుంది. భాగాలను ఫోన్లో తిరిగి అతికించడానికి ఒక్కోదాంట్లో ఆరు బైట్లు పోతాయి, అందుకని భాగానికి 67 మిగులుతాయి.

తెలుగువాళ్లం పొరబడేది ఇక్కడే. మన కంటికి "స్త్రీ" ఒకే అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం, మొత్తం ఆరు. "అపాయింట్‌మెంట్" అనే మాటలో ట్ తర్వాత మ వత్తుగా మారకుండా ఆపడానికి కనబడని ఒక గుర్తు కూడా ఉంటుంది, అదీ ఒక యూనిట్ తింటుంది. ఆ మాట ఒక్కటే 14. డెవలపర్ రాసుకున్న తాత్కాలిక కోడ్ ఇంతే:

```python
def parts(msg):
    n = len(msg.encode("utf-16-be")) // 2
    return n, (1 if n <= 70 else -(-n // 67))
```

పైథాన్‌లో నేరుగా `len(msg)` అన్నా తెలుగుకు ఇదే అంకె వస్తుంది, కానీ ఎవరైనా ఎమోజీ పెడితే తప్పుతుంది. ఎమోజీ రెండు యూనిట్లు తీసుకుంటే `len` ఒకటే అంటుంది. అందుకే ఈ దారి.

మేనేజర్ ఇచ్చిన మొదటి వాక్యం: "నమస్కారం. రేపు ఉదయం 10:30కి డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ ఉంది. 15 నిమిషాలు ముందు రండి." లెక్క 85, రెండు భాగాలు. ఇక్కడే "తెలుగు ఒక్క భాగంలో పట్టదు" అని రాసి మూసేసేవాళ్లున్నారు. ప్రశ్న ఈ వాక్యం గురించి కాదు, మన రిమైండర్ గురించి. నమస్కారాన్ని, ఆ పొడుగు ఇంగ్లిష్ మాటను తీసేస్తే ఇలా వచ్చింది: "రేపు ఉదయం 10:30కి డాక్టర్ గారు చూస్తారు. 15 నిమిషాలు ముందు రండి." ఇది 64. ఒక్క భాగం.

అంతటితో సంబరపడకుండా మారే చోట్లను కూడా మార్చి చూడాలి. "ఉదయం" నాలుగు యూనిట్లు, "సాయంత్రం" ఎనిమిది, "మధ్యాహ్నం" తొమ్మిది. "మధ్యాహ్నం 12:30కి" అని పెడితే లెక్క 69. ఒక్కటంటే ఒక్క యూనిట్ మిగిలింది. "రేపు" బదులు "సోమవారం" అని పెడితే ఆ మధ్యాహ్నపు సందేశం 72 అయి రెండు భాగాలవుతుంది. అంటే జవాబు ఉత్త "అవును" కాదు, "ముందురోజు మాత్రమే పంపితే, రేపు అనే మాటతోనే అయితే, అవును".

పేరు సంగతి ఇంకా త్వరగా తేలిపోయింది. తెలుగులో అతి చిన్న పేర్లలో ఒకటైన "రమ" తీసుకుని ముందు "రమ గారూ," అని, ఒక ఖాళీ పెడితే తొమ్మిది యూనిట్లు. ఉదయపు సందేశం కూడా 73కు చేరుతుంది. "లక్ష్మీనరసింహారావు గారూ" అంటే 89. రెండు భాగాల్లో 134 పడతాయి కాబట్టి పొడుగు పేర్లకూ అక్కడ ఇబ్బంది లేదు. పేరు పెడితే రెండు భాగాలు, అంతే.

ఇదంతా రెండో గంట లోపలే అయిపోయింది. తర్వాత ఆమోదం పొందిన టెంప్లేట్‌తో నిజం ఫోన్లకు పంపి, గేట్‌వే రిపోర్టులో భాగాల సంఖ్య మన లెక్కతో సరిపోతోందో లేదో చూశారు. సరిపోయింది. ఒక పాత బటన్ ఫోన్‌లో మాత్రం అక్షరాల బదులు డబ్బాలు కనబడ్డాయి.

మూడో గంట దగ్గర రెండు విషయాలు తగిలాయి. అవి స్పైక్‌ను ఎలా దారి తప్పించబోయాయో కొంచెం నిదానంగా చూడాలి. మొదటిది: ఉన్న ప్రొడక్ట్ కోడ్‌లో సందేశం పొడవును 160తో పోల్చే ఒకే ఒక్క పరీక్ష ఉందని డెవలపర్ గమనించారు. ఆ కోడ్ చదువుతుంటే, ఇంగ్లిష్ బిల్లు సందేశంలో ₹ గుర్తు కనబడింది. ఆ గుర్తు జీఎస్‌ఎమ్ అక్షరమాలలో లేదు. అంటే పూర్తి ఇంగ్లిష్ సందేశమే అయినా ఇన్నాళ్లూ 70 లెక్కన భాగాలవుతోంది. ₹ బదులు "రూ." అని అర్థమిచ్చే రెండు ఇంగ్లిష్ అక్షరాలు పెడితే చాలు. ఇది నిజంగా డబ్బు మిగిల్చే విషయం, వెంటనే సరిచేయాలని చేతులు ఉబలాటపడతాయి. కానీ అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. డెవలపర్ రెండు నిమిషాల్లో కొత్త టికెట్ రాసి వెనక్కి వచ్చేశారు.

రెండోది ఇంకా ఆకర్షణీయం. ఎస్సెమ్మెస్ అక్షరమాలలను నిర్దేశించే 3జీపీపీ ప్రమాణం 23.038లో కొన్ని భారతీయ భాషలకు ఏడు బిట్ల పట్టికలు ఉన్నాయి, తెలుగుకూ ఉంది. ఆ పట్టికను ఎంచుకున్నట్టు చెప్పే నాలుగు బైట్ల హెడర్ పోగా 155 అక్షరాలు పడతాయి. 70 ఎక్కడ, 155 ఎక్కడ! పేరు కూడా హాయిగా సరిపోతుంది. ఇది చూశాక ఎవరికైనా మిగిలిన మూడు గంటలూ, ఆపైన రాత్రీ దానికే పెట్టాలనిపిస్తుంది. అయితే అది పని చేయాలంటే మన గేట్‌వే, మధ్యలో ఆపరేటర్, చివర పేషెంట్ ఫోన్, మూడూ ఆ పట్టికను అర్థం చేసుకోవాలి. ఇందులో ఏదీ మన చేతిలో లేదు. ప్రమాణంలో ఉందంటే ఫోన్లలో ఉన్నట్టు కాదు.

మూడో గంట దగ్గర పెట్టుకున్న ఆ గుర్తు పనికొచ్చేది ఇలాంటప్పుడే. డెవలపర్ మేనేజర్‌తో అన్నారు: "అసలు జవాబు వచ్చేసిందండి. ఒక కొత్త దారి కనబడింది, కానీ గేట్‌వే వాళ్లను అడగందే తేలదు. వాళ్లకు మెయిల్ పెట్టి, ఇక్కడితో ఆపి నోటు రాయనా?" మేనేజర్ సరేనన్నారు. ఆరు గంటల్లో నాలుగే ఖర్చయ్యాయి. మిగిలిన గంటలను వాడుకోవాల్సిన పనిలేదు. గడువంటే పైకప్పు, కోటా కాదు.

ఒకవేళ గడువు అయిపోయి జవాబు రాకపోతే? మన వాళ్లలో ఎక్కువమంది "ఇంకో అరపూట ఇస్తే అయిపోతుంది" అంటారు. ఆ అరపూట ఎప్పుడూ ఒక్కటిగా రాదు. గడువు అయిపోయినప్పుడు టికెట్ మూయాల్సిందే, "తేలలేదు" అనే జవాబుతో. ఇంతవరకు ఏం తెలిసింది, అడ్డుపడింది ఏమిటి, ఇంకో గడువు పెడితే ముందుగా ఏం చూడాలి అన్నవి రాయాలి. మళ్లీ డబ్బు పెట్టాలా వద్దా అన్నది మేనేజర్ ఆ నోటు చదివి తేలుస్తారు. పొడిగింపు తప్పు కాదు. ఎవరూ నిర్ణయించకుండా దానంతటదే జరిగిపోయే పొడిగింపు తప్పు.

ఇక నోటు. దీన్ని పని చేస్తున్నప్పుడే రాయడం మొదలుపెట్టండి. ఏ ఫోన్‌కు ఎప్పుడు పంపారు, రిపోర్టులో ఏ అంకె వచ్చింది అన్నవి సాయంత్రానికి గుర్తుండవు. టికెట్‌లోనే కామెంట్లుగా ముక్కలు ముక్కలుగా వేసుకుంటూ పోయి, చివరి అరగంటలో వాటిని ఒక పేజీగా కూర్చాలి. ఆ అరగంట కూడా గడువులో భాగమే, మొదటే పక్కన పెట్టుకోవాలి. మన టీమ్ రాసిన నోటు ఇది:

> ప్రశ్న: తెలుగు రిమైండర్ ఒక్క ఎస్సెమ్మెస్ భాగంలో సరిపోతుందా? పేరు చేరిస్తే ఎన్ని?
>
> జవాబు: పేరు లేకుండా సరిపోతుంది, "రేపు ఉదయం 10:30కి డాక్టర్ గారు చూస్తారు. 15 నిమిషాలు ముందు రండి." అనే వాక్యంతో, ముందురోజు పంపితేనే. గరిష్ఠం 69 యూనిట్లు (మధ్యాహ్నం 12:30), హద్దు 70. పేరు ఎంత చిన్నదైనా రెండు భాగాలు.
>
> చూసి తెలుసుకున్నది: ఉదయం, సాయంత్రం, మధ్యాహ్నం మూడు రూపాలనూ లెక్కించాం, గేట్‌వే ద్వారా పంపాం. భాగాల సంఖ్య రిపోర్టుతో సరిపోయింది.
>
> చదివి తెలుసుకున్నది: 155 అక్షరాలు పట్టే తెలుగు ఏడు బిట్ల పట్టిక ప్రమాణంలో ఉంది. మేం పంపి చూడలేదు.
>
> చూడనివి: పాత బటన్ ఫోన్లు మన పేషెంట్లలో ఎందరి దగ్గర ఉన్నాయో తెలియదు. పరీక్షించిన ఒక బటన్ ఫోన్‌లో తెలుగు కనబడలేదు.
>
> ఈ జవాబు ఎప్పుడు చెల్లదు: వాక్యం మారినా, "రేపు" బదులు వారం పేరు పెట్టినా, గేట్‌వే మారినా.

ఈ నోటులో జవాబు రెండో వరుసలోనే ఉంది. మేనేజర్ అక్కడే ఆపేసినా నిర్ణయం తీసుకోగలరు. పని జరిగిన క్రమంలో, ముందు ఇది చూశాం, తర్వాత అది చూశాం అంటూ రాసిన నోటును ఎవరూ చివరిదాకా చదవరు. రాసినవాళ్లకు ఆ క్రమం ముద్దు, కానీ అవతలివాళ్లకు కావాల్సింది ఫలితం.

చూసిందీ చదివిందీ విడగొట్టి రాయడం మీద నాకు పట్టుదల ఎక్కువ. రెండూ కలిపి ఒకే పేరాలో రాస్తే, ఆరు నెలల తర్వాత ఎవరో "తెలుగులో 155 పడతాయని మనవాళ్లే తేల్చారు కదా" అని ప్లాన్ వేసేస్తారు. డాక్యుమెంటులో చదివిన వాక్యం మన సిస్టమ్ మీద నడిపి చూసిన ఫలితంగా చలామణీ అయిపోవడం ఇలాగే జరుగుతుంది. "చూడనివి" అన్న భాగం కూడా అంతే అవసరం. అది ఖాళీగా ఉన్న నోటు కనబడితే, రాసినవాళ్లను కూర్చోబెట్టి ఒకసారి అడగండి. నాలుగు గంటల్లో అన్నీ చూసేయడం జరగని పని.

నోటు ఎక్కడుండాలి? టికెట్‌లో ఒక కాపీ, రిపాజిటరీలో ఒక ఫైలు. చాటింగ్ గ్రూపులో పెట్టి వదిలేస్తే రెండు వారాల్లో అది దొరకదు. స్పైక్ తర్వాత మేనేజర్ తీసుకున్న నిర్ణయం ఆర్కిటెక్చర్‌ను కదిలించేదైతే దానికి వేరే పత్రం కావాలి. మైకేల్ నైగార్డ్ 2011లో ప్రచారంలోకి తెచ్చిన నిర్ణయ పత్రం పద్ధతి, అంటే సందర్భం, నిర్ణయం, దాని పర్యవసానాలు ఒక పేజీలో రాసిపెట్టడం, ఇందుకు బాగా పనికొస్తుంది. స్పైక్ నోటు "ఏం తెలిసింది" అని చెబుతుంది, నిర్ణయ పత్రం "అందుకని ఏం చేస్తున్నాం" అని చెబుతుంది. రెండిటినీ ఒకే కాగితంలో కలిపేస్తే, నిర్ణయం నచ్చనివాళ్లు కనుగొన్న విషయాలనే అనుమానించడం మొదలుపెడతారు.

మూసేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది కోడ్. ఆ మూడు వరుసల ఫంక్షన్ చూడండి. పని చేస్తోంది, చిన్నది, చక్కగా ఉంది. "దీన్నే మెర్జ్ చేసేస్తే పోలా?" అనిపిస్తుంది. కానీ అది పూర్తి ఇంగ్లిష్ సందేశం ఇచ్చినా 70 హద్దునే వాడుతుంది. తెలుగు ఉన్నదా లేదా అని చూడదు, ఎందుకంటే స్పైక్‌లో ఆ అవసరం రాలేదు. దాన్ని ప్రొడక్షన్‌లో పెడితే 100 అక్షరాల ఇంగ్లిష్ రిమైండర్‌ను కూడా రెండు భాగాలని చూపిస్తుంది. స్పైక్ కోడ్‌లో ఇలా రాయకుండా వదిలేసిన షరతులు ఎప్పుడూ ఉంటాయి, అవి రాసినవాళ్లకే కనబడవు. కాబట్టి ముఖ్యమైన ముక్కను నోటులో అతికించి, బ్రాంచ్‌ను తీసేయండి:

```
git push origin --delete spike/telugu-sms
git branch -D spike/telugu-sms
```

అసలు పని మొదలైనప్పుడు ఆ ఫంక్షన్‌ను టెస్టులతో సహా మళ్లీ రాయాలి. రెండోసారి అరగంట పడుతుంది, అంతే. బ్రాంచ్ అలాగే ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒక శుక్రవారం సాయంత్రం దాన్ని మెర్జ్ చేస్తారు. కోడ్‌తో పాటు పరీక్ష కోసం గేట్‌వేలో తీసుకున్న తాత్కాలిక కీ, టెస్టు ఫోన్ నంబర్ల జాబితా కూడా తీసేయాలి. వీటిని చాలామంది మరచిపోతారు.

తర్వాత పనులు. మన స్పైక్‌లోంచి నాలుగు టికెట్లు పుట్టాయి: తెలుగు రిమైండర్ రాయడం, పొడవు లెక్కించే ఉన్న కోడ్‌ను సరిచేయడం, బిల్లు సందేశంలో ₹ మార్చడం, బటన్ ఫోన్ వాడేవాళ్లకు ఇంగ్లిష్ సందేశమే వెళ్లేలా పేషెంట్ రికార్డులో భాష ఎంచుకునే గడి పెట్టడం. ఒక్కోదాంట్లో స్పైక్ నోటుకు లింకు ఉంది. మొదటి టికెట్‌కు ఇప్పుడు టీమ్ ధైర్యంగా అంచనా వేయగలిగింది, స్పైక్ అడిగింది దాని కోసమే. నాలుగింటినీ వెంటనే చేయాలని లేదు. మేనేజర్ రెండిటిని తీసుకుని, మిగతావి బ్యాక్‌లాగ్‌లోకి తోసినా స్పైక్ మూసుకున్నట్టే.

చివరగా, నోటు రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు దాన్ని చదివి, "నాకు జవాబు అర్థమైంది" అని టికెట్‌లో రాశాకే "పూర్తయింది" అనే గడిలోకి జరపండి. ఇది కోడ్ రివ్యూలాంటిదే, పది నిమిషాల పని. చదివినవాళ్లకు ఒక్క ప్రశ్న మిగిలినా అది నోటులో లోపమని అర్థం. మౌఖికంగా జవాబు చెప్పి ఊరుకోకుండా, ఆ జవాబును నోటులోనే చేర్చండి.

రెండు వారాల తర్వాత గేట్‌వే వాళ్ల మెయిల్ వస్తుంది, ఏడు బిట్ల తెలుగు పట్టికకు తమ దగ్గర సపోర్టు ఉందో లేదో చెబుతూ. ఉందన్నా సరే, పాత టికెట్‌ను తిరిగి తెరవకండి. పాత నోటులో ఒక లింకు చేర్చి, కొత్త స్పైక్ తెరవండి: "ఏడు బిట్ల పట్టికతో పంపిన సందేశం మన పేషెంట్లు ఎక్కువగా వాడే ఫోన్లలో సరిగ్గా కనబడుతుందా?" దానికి ఎన్ని గంటలు పెట్టాలో మేనేజర్‌ను అడగండి.